మెడలో బిళ్ళలని స్కాన్ రిపోర్ట్ వచ్చిందా? పెద్ద నంబర్ పక్కన పెట్టి ఇట్లా చదవండి

నేను తిరుపతిలో అల్ట్రాసౌండ్, సీటీ చదివే డాక్టర్ని. మా రూమ్ బయట కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు రిపోర్ట్ చేతికి రాగానే చేసే మొదటి పని ఏంటంటే అందులో ఉన్న అన్నిటికంటే పెద్ద నంబర్ వెతుక్కోవడం, దాన్ని పట్టుకుని లోపలికి వచ్చి "మేడమ్, 19 మిల్లీమీటర్లంట, క్యాన్సరేనా" అని అడగడం. దాదాపు ప్రతిసారీ ఆ పెద్ద నంబర్ అసలు విషయం కాదు. అందుకే మెడ స్కాన్ రిపోర్ట్‌ని ఏ వరుసలో చదవాలో, ఏ మాట దగ్గర ఆగాలో, డాక్టర్ని ఏం అడగాలో ఇక్కడ రాస్తున్నా, ఒక కేసు పట్టుకుని చివరిదాకా పోదాం.

పుత్తూరు వైపు నుంచి ఒకాయన వచ్చినాడు, 56 ఏళ్ళు, కూతురు తోడుగా వచ్చింది. ఎడమ దవడ కింద చిన్న గడ్డ చేతికి తగులుతా ఉందని, నెలన్నర అయిందని, నొప్పి లేదని చెప్పినాడు. వేరే ఊర్లో చేయించుకున్న అల్ట్రాసౌండ్ రిపోర్ట్ చేతిలో ఉంది, అందులో మూడు బిళ్ళల కొలతలు రాసున్నారు. కుడి లెవెల్ టూలో 19 × 7 మిల్లీమీటర్లు, ఎడమ లెవెల్ టూలో 17 × 7, ఎడమ లెవెల్ వన్ బీలో 9 × 8. ఆ అమ్మాయి 19 చుట్టూ పెన్నుతో గీత గీసి తెచ్చింది. ఆ మూడిట్లో నేను కంగారు పడింది 9 × 8 చూసి. ఎందుకో మెల్లగా చెప్తా.

మొదటి పని: బిళ్ళ ఎక్కడుందో చూడండి

మెడలో బిళ్ళలు, అంటే లింఫ్ నోడ్స్, లేని మనిషి ఉండడు. ఒంట్లో ఉండే లింఫ్ నోడ్స్‌లో సుమారు మూడో వంతు మెడలోనే ఉంటాయి, కాబట్టి "నోడ్స్ కనిపించాయి" అన్న మాటకే భయపడే పని లేదు. రిపోర్ట్‌లో లెవెల్ వన్, టూ, త్రీ అని రాస్తారు గదా, అవి రోగం స్టేజీలు కావు, మెడని వీధులుగా విడగొట్టుకున్న పేర్లు అంతే. ఇది తెలియక "లెవెల్ ఫోర్ అంట మేడమ్" అని ఏడ్చేసినవాళ్ళని చూశా. లెవెల్ వన్ అంటే గడ్డం కింద, దవడ కింద. టూ అంటే దవడ మూల కింద, త్రీ అంటే మెడ మధ్యలో, ఫోర్ అంటే కాలర్ ఎముకకి కాస్త పైన, ఫైవ్ అంటే మెడ పక్కన వెనకవైపు, సిక్స్ అంటే గొంతు ముందర థైరాయిడ్ చుట్టూ.

వీధి పేరు ఎందుకు కావాలంటే ప్రతి బిళ్ళా తన వీధికి వచ్చే మురుగునే, అంటే లింఫ్ అనే ద్రవాన్నే, వడపోస్తుంది. దవడ కింది వన్ బీకి నోటి లోపలి బుగ్గ, కింది చిగురు, నాలుక ముందు భాగం నుంచి వస్తుంది. టూకి టాన్సిల్, గొంతు నుంచి వస్తుంది, అందుకే జలుబు చేసినా గొంతు నొప్పి వచ్చినా ముందు ఉబ్బేది అదే, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో కూడా ఆ లెవెల్ టూ బిళ్ళ మిగతావాటికంటే పెద్దగానే ఉంటుంది. పుత్తూరు ఆయనకి 19, 17 ఉన్నవి రెండూ లెవెల్ టూవే, రెండు పక్కలా ఇంచుమించు ఒకే సైజులో ఉన్నాయి. రెండు పక్కలా సమానంగా ఉబ్బడం అనేది సాధారణంగా మంచి సూచన.

ఒక్క చోటు మాత్రం గుర్తు పెట్టుకోండి, ఎడమ కాలర్ ఎముక పైన గుంటలో గట్టి బిళ్ళ కొత్తగా వస్తే సైజు ఎంత చిన్నదైనా వదలకూడదు. పొట్ట, ఛాతీ లోపలి నుంచి వచ్చే లింఫ్‌లో ఎక్కువ భాగం ఆ పక్కనే రక్తంలో కలుస్తుంది, కడుపు క్యాన్సర్ లాంటివి మొదట అక్కడ బయటపడిన సందర్భాలు ఉంటాయి, మెడ స్కాన్ ఒక్కటే చేసి ఊరుకుంటే అవి దొరకవు.

రెండో పని: రెండు నంబర్లలో చిన్నది పట్టుకోండి

17 × 7 అని రాస్తే 17 పొడవు, 7 అడ్డం. ఈ అడ్డం కొలతనే షార్ట్ యాక్సిస్ అంటాం, మాకు కావాల్సింది అదే. బిళ్ళ పొడుగ్గా సాగడం పెద్ద విషయం కాదు, లావెక్కడం విషయం. సీటీలో మామూలుగా 10 మిల్లీమీటర్ల షార్ట్ యాక్సిస్‌ని గీతగా పెట్టుకుంటాం, లెవెల్ టూ దగ్గర ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎక్కువ ఉన్నా ఒప్పుకుంటాం. అయితే ఈ 10 అనేది దేవుడు గీసిన గీతేం కాదు. 12 ఉన్న మంచి బిళ్ళలు రోజూ చూస్తాం, 6 మిల్లీమీటర్ల బిళ్ళలో క్యాన్సర్ కణాలు దొరకడం కూడా చూస్తాం. గీతని కిందికి దించితే మంచివాటిని కూడా అనవసరంగా గుచ్చుతాం, పైకి జరిపితే చెడ్డవి జారిపోతాయి, సైజు మీద మాత్రమే నడిస్తే ఈ రెండిట్లో ఏదో ఒక తప్పు తప్పదు. అందుకే సైజు ఒక్కటే రాసి ఊరుకున్న రిపోర్ట్ నాకు సగం రిపోర్టే.

మీ రిపోర్ట్‌లో "15 మిల్లీమీటర్ల నోడ్" అని ఒకటే నంబర్ ఉంటే అది పొడవా అడ్డమా తెలియదు. అట్లాంటప్పుడు స్కాన్ చేసిన చోటికే పోయి "షార్ట్ యాక్సిస్ ఎంతో రాసిస్తారా" అని అడగండి, ఫిల్మ్ గానీ సీడీ గానీ ఉంటే కొలిచి చెప్పడం వాళ్ళకి రెండు నిమిషాల పని. మూడు నెలల తర్వాత ఇంకో స్కాన్ తీస్తే పోల్చుకోడానికి కూడా ఈ చిన్న నంబరే కావాలి, లేకపోతే ఒకరు పొడవు కొలిచి ఇంకొకరు అడ్డం కొలిచి "పెరిగింది" అనో "తగ్గింది" అనో ఉత్తుత్తి కంగారు పుడుతుంది.

మూడో పని: పొడవుని అడ్డంతో భాగించండి

మంచి బిళ్ళ చెనక్కాయ గింజలాగా కోలగా ఉంటుంది, చెడ్డది గోళీలాగా గుండ్రంగా తయారవుతుంది, ఇది మోటుగా చెప్పే లెక్క. నంబర్లో చూడాలంటే పొడవుని అడ్డంతో భాగించండి.

19 ÷ 7 = 2.7
17 ÷ 7 = 2.4
9 ÷ 8 = 1.1

రెండు దాటితే కోలగా ఉన్నట్టు, రెండు లోపలుంటే గుండ్రం వైపు పోతున్నట్టు. కొందరు రిపోర్ట్‌లో తిరగేసి అడ్డాన్ని పొడవుతో భాగించి రాస్తారు, అప్పుడు 0.5 లోపల ఉంటే కోల, పైన ఉంటే గుండ్రం, కాబట్టి ఏ లెక్క వేశారో చూసుకోండి, లేకపోతే అర్థం తలకిందులవుతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది, అది తెలియకపోతే తప్పులో కాలేస్తాం. దవడ కింది బిళ్ళలు, చెవి ముందర లాలాజల గ్రంథిలో ఉండే బిళ్ళలు పుట్టుకతోనే కాస్త గుండ్రంగా ఉంటాయి. అంటే మన పుత్తూరు ఆయన 9 × 8 బిళ్ళ వన్ బీలో ఉంది కాబట్టి గుండ్రంగా ఉందన్న ఒక్క కారణంతో దాన్ని తప్పు పట్టలేం. కూతురికి నేను అదే చెప్పినా, "ఆకారం మాత్రమే అయితే నేను పెద్దగా పట్టించుకునేదాన్ని కాదమ్మా, మధ్యలో చూడు" అని స్క్రీన్ ఆమె వైపు తిప్పినా.

నాలుగో పని: మధ్యలో కొవ్వు ఉందా లేదా

ఇది అన్నిటికంటే ముఖ్యం, కాస్త నిదానంగా చదవండి.

తోతాపురి కాయని నిలువునా కోస్తే ఎట్లుంటుంది, చుట్టూ కండ, మధ్యలో టెంక. మంచి లింఫ్ బిళ్ళ అల్ట్రాసౌండ్‌లో అట్లనే కనిపిస్తుంది, చుట్టూ నల్లటి అంచు, మధ్యలో తెల్లటి గీత. నల్లటి అంచుని కార్టెక్స్ అంటాం, తెల్లటి మధ్య భాగాన్ని హైలం అంటాం. ఆ హైలంలో కొవ్వు, రక్తనాళాలు, వడపోసిన లింఫ్ బయటికి పోయే సన్న కాలవలు ఉంటాయి. టెంకకీ దీనికీ ఒక తేడా ఉంది, టెంక అన్ని వైపులా మూసుకుపోయుంటుంది, హైలం మాత్రం ఒక పక్కకి తెరుచుకుని బయటున్న కొవ్వుతో కలిసిపోతుంది, ఆ పక్క బిళ్ళకి చిన్న నొక్కు ఉంటుంది, రక్తనాళం లోపలికి దూరేది ఆ నొక్కు నుంచే. ఈ తేడా సీటీ దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

ఈ కొవ్వు ఉంటే ఎందుకు ధైర్యం, లేకపోతే ఎందుకు అనుమానం అన్నది బిళ్ళలోకి రోగం ఏ దారిన వస్తుందో తెలిస్తే అర్థమైపోతుంది. జలుబు, టాన్సిల్, పంటి చీము, తలలో పుండ్లు లాంటివి వచ్చినప్పుడు బిళ్ళ మొత్తం పనిలో పడుతుంది, కణాలు అన్ని చోట్లా సమానంగా పెరుగుతాయి, రక్తం ఎక్కువ కావాలి కాబట్టి హైలం గుండా వచ్చే నాళం ఇంకా వెడల్పవుతుంది. అంటే బిళ్ళ పెద్దదవుతుంది గానీ దాని కట్టడం చెడిపోదు, కోలగానే ఉంటుంది, మధ్యలో తెల్ల గీత ఉంటుంది, రక్తం పారే చోటుని రంగులో చూపించే డాప్లర్ వేస్తే మధ్యలోంచి చెట్టు కొమ్మల్లాగా రంగు విచ్చుకుంటుంది. దీన్నే రిపోర్ట్‌లో రియాక్టివ్ నోడ్ అని రాస్తారు.

క్యాన్సర్ కణాలు వచ్చే దారి వేరు. అవి లింఫ్ కాలవల్లో కొట్టుకొచ్చి బిళ్ళ పైపొర దగ్గర, అంటే అంచులో దిగుతాయి. అక్కడ కాపురం పెట్టి పెరిగేసరికి ఆ ఒక్క చోట అంచు మందమవుతుంది, తర్వాత హైలాన్ని ఒక పక్కకి నెడుతుంది, ఆ తర్వాత దాన్ని పూర్తిగా మింగేస్తుంది, బిళ్ళ అన్ని వైపులా ఉబ్బి గుండ్రమైపోతుంది. హైలం దారి మూసుకుపోయింది కాబట్టి రక్తం కోసం పక్కల నుంచి కొత్త నాళాలు గుచ్చుకొస్తాయి, డాప్లర్‌లో రంగు మధ్యలో కాకుండా అంచుల్లో కనిపిస్తుంది.

ఈ వరుస మనసులో పెట్టుకుంటే రిపోర్ట్‌లో మాటలు వాటంతట అవే తెలుస్తాయి. ఫ్యాటీ హైలం ప్రిజర్వ్డ్ అంటే కట్టడం బాగుంది. లాస్ ఆఫ్ హైలం అంటే మధ్య భాగం కనిపించలేదు. ఎక్సెంట్రిక్ కార్టికల్ థికెనింగ్ అంటే హైలం ఇంకా ఉంది గానీ అంచు ఒక పక్క మాత్రమే ఉబ్బింది, ఈ మూడో మాటని చాలామంది దాటేస్తారు, "హైలం ఉందిలే" అని ఊపిరి పీల్చుకుంటారు, నిజానికి క్యాన్సర్ మొదటి మెట్టు అట్లనే ఉంటుంది. హైలం ఉండటం బలమైన మంచి సూచనే, కానీ సర్టిఫికెట్ కాదు.

ఇటువైపు కూడా అంతే, హైలం కనిపించనంత మాత్రాన కొంప మునగదు. 5 మిల్లీమీటర్ల లోపు ఉండే చిన్న బిళ్ళల్లో కొవ్వు అంత సన్నగా ఉంటుంది కాబట్టి మెషిన్‌కి దొరకదు. వయసు పైబడినవాళ్ళలో కొవ్వు ఎక్కువ చేరి స్పష్టంగా కనిపిస్తుంది, పిల్లల్లో సన్నగా ఉంటుంది. ప్రోబ్‌ని ఒకే కోణంలో పెట్టి చూసినా గీత తప్పిపోవచ్చు, అందుకే నేను ప్రతి అనుమానపు బిళ్ళనీ నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి, ప్రోబ్ మెల్లగా వంచి ఇంకోసారి చూసే "లేదు" అని రాస్తా.

పుత్తూరు ఆయనకి నేనే మళ్ళీ ప్రోబ్ పెట్టి చూశా. 19, 17 రెండిట్లోనూ తెల్ల గీత బారుగా ఉంది, డాప్లర్‌లో రంగు మధ్యలోంచే వస్తా ఉంది. 9 × 8 దాంట్లో ఎన్ని కోణాల్లో చూసినా తెల్లది లేదు, అంచుల్లో రెండు చోట్ల రంగు గుచ్చుకొస్తా ఉంది. 9 మిల్లీమీటర్లంటే హైలం కనిపించాల్సిన సైజే. అప్పుడు అడిగినా, "అన్నా, నోట్లో ఏమన్నా పుండు ఉందా". ఆయన కాసేపు ఆలోచించి, "ఎడమ పక్క కింది చిగురు దగ్గర ఒరుసుకోనుంది మేడమ్, వక్కాకు ఏస్తా గదా, సున్నం ఎక్కువై ఉంటాదిలే అనుకున్నా" అన్నాడు. వక్కాకులో పొగాకు కూడా కలుపుకుంటాడంట, ముప్పై ఏళ్ళ నుంచి. టార్చ్ వేసి చూస్తే బుగ్గకీ చిగురుకీ మధ్య సందులో వేలి గోరంత పుండు. అది ఏ వీధి మురుగు, వన్ బీ వీధిదే.

ఐదో పని: సీటీలో మధ్యలో నల్లగా ఉంటే అది కొవ్వా, కుళ్ళా

అల్ట్రాసౌండ్ తర్వాత ఆయనకి కాంట్రాస్ట్ సీటీ చేయించినాం. ఇక్కడ జనాలకే కాదు, కొత్తగా చదివే డాక్టర్లకి కూడా తికమక వస్తుంది, కాబట్టి ఇంకాస్త ఓపిక పట్టండి.

అల్ట్రాసౌండ్‌లో కొవ్వు హైలం తెల్లగా కనిపిస్తుంది గదా, సీటీలో అదే కొవ్వు నల్లగా కనిపిస్తుంది. క్యాన్సర్ బిళ్ళ మధ్యలో రక్తం అందక కుళ్ళిపోయిన భాగం కూడా సీటీలో నల్లగానే కనిపిస్తుంది, దాన్ని నెక్రోసిస్ అంటాం. ఒకటి అన్నిటికంటే మంచి సూచన, ఇంకొకటి అన్నిటికంటే చెడ్డ సూచన, చూడ్డానికి మాత్రం అన్నదమ్ముల్లాగా ఉంటాయి. వీటిని విడదీయడానికి నేను చేసేది మూడు పనులు.

స్క్రీన్ మీద ఆ నల్ల భాగంలో చిన్న గుండ్రం గీస్తే నంబర్ వస్తుంది, దాన్ని హౌన్స్‌ఫీల్డ్ యూనిట్ అంటారు. నీళ్ళు సున్నా. కొవ్వు సున్నా కంటే కింద, మైనస్ 50 నుంచి మైనస్ 100 దాకా. కుళ్ళు నీళ్ళకంటే కాస్త పైన, 10 నుంచి 30 దగ్గర. అంటే మైనస్ గుర్తు ఉందా లేదా అన్నదే తేల్చేస్తుంది. బిళ్ళ మరీ చిన్నదైతే గీసిన గుండ్రంలో కాస్త కొవ్వు, కాస్త కండ రెండూ పడి నంబర్ మధ్యలోకి వచ్చేస్తుంది, అప్పుడు దీన్ని నమ్మకూడదు, సన్నని స్లైస్‌లు తీసుకుని చూడాలి.

రెండోది, ఆ నలుపు పక్కకి తెరుచుకుని బయటి కొవ్వుతో కలుస్తుందా, చుట్టూ మూసుకుపోయి ఉందా. మామిడి టెంక దగ్గర చెప్పిన మాట ఇదే, తెరుచుకుని నొక్కు కనిపిస్తే హైలం, చుట్టూ కండ కమ్మేసుంటే కుళ్ళు అయ్యే అవకాశం ఎక్కువ.

మూడోది, కాంట్రాస్ట్ ఇంజెక్షన్ తర్వాత అంచు ఉంగరంలాగా మెరుస్తుందా. మెరిసే ఉంగరం, మధ్యలో నలుపు, నంబర్ ప్లస్‌లో, ఇవి మూడూ కలిస్తే బిళ్ళ 8 మిల్లీమీటర్లే అయినా మేం వదలం, ఇక్కడ 10 మిల్లీమీటర్ల గీత పనికిరాదు. ఇంజెక్షన్ లేకుండా తీసిన సీటీలో ఈ ఉంగరం కనిపించదు, అందుకే మెడ బిళ్ళల కోసం అయితే కాంట్రాస్ట్ లేని సీటీ ఖర్చు దండగ అనేదే నా అభిప్రాయం. కాంట్రాస్ట్ ఇంజెక్షన్‌కి ముందు క్రియాటినిన్ చూస్తారు, కిడ్నీ సమస్యగానీ ఇంతకుముందు ఇంజెక్షన్ పడకపోవడంగానీ ఉంటే ముందే చెప్పండి, షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వేసుకుంటుంటే ఆ మాట కూడా చెప్పండి.

మన ఆయన బిళ్ళలో నంబర్ 22 వచ్చింది, ప్లస్‌లో. చుట్టూ మెరిసే ఉంగరం, ఎక్కడా తెరుపు లేదు. పక్కనే ఉన్న 17 × 7 బిళ్ళలో అదే గుండ్రం గీస్తే మైనస్ 70. ఒకే స్లైస్‌లో రెండూ పక్కపక్కన కనిపిస్తున్నాయి, కూతురికి రెండు నంబర్లూ చూపించినా, ఆమెకి నేను ఇంకేం చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఈ లెక్క తప్పేది ఎక్కడ

మన దగ్గర ముందు చెప్పుకోవాల్సింది టీబీ. పాత రోజుల్లో గండమాల అనేవాళ్ళు గదా, అదే ఇది. టీబీ బిళ్ళ కూడా గుండ్రంగా అవుతుంది, హైలం పోతుంది, మధ్యలో కుళ్ళుతుంది, సీటీలో ఉంగరంలా మెరుస్తుంది. అంటే పైన చెప్పిన చెడ్డ సూచనలన్నీ ఇక్కడ కూడా ఉంటాయి. తేడా ఎట్లా తెలుస్తుందంటే టీబీ బిళ్ళలు ఎక్కువగా మెడ పక్కన వెనకవైపు, కాలర్ ఎముక పైన వస్తాయి, ఒకదానికొకటి అతుక్కుపోయి ద్రాక్ష గుత్తిలా ఉంటాయి, చుట్టూ ఉన్న కొవ్వు కూడా మసకబారుతుంది, చర్మం దాకా చీము దారి చేసుకుంటుంది. పలమనేరు నుంచి వచ్చిన ఒక 22 ఏళ్ళ అమ్మాయికి ఇట్లనే అయిదు బిళ్ళలు గుత్తిగా ఉంటే ఇంట్లో వాళ్ళు అప్పటికే క్యాన్సర్ అని నిర్ణయించేసుకుని, పెళ్ళి మాట పక్కన పెట్టేసినారు, సూదితో తీసిన చీముని సీబీనాట్ పరీక్షకి పంపిస్తే టీబీ అని తేలింది. గవర్నమెంట్ వాళ్ళు మందులు ఉచితంగా ఇస్తారు, మామూలుగా ఆరు నెలల కోర్సు. ఒక మాట ముందే తెలుసుకోండి, మందులు మొదలెట్టాక కొన్ని వారాలకి బిళ్ళలు ఇంకా పెద్దవవ్వచ్చు, కొత్తవి కూడా రావచ్చు, చాలాసార్లు అది మందు పని చేయకపోవడం కాదు, ఒంటి రోగనిరోధక శక్తి తిరగబడటం. అప్పుడు మందులు మీరే ఆపేయకుండా టీబీ డాక్టర్‌కి చూపించండి, అసలు కారణం ఏంటో ఆయన తేలుస్తారు.

రెండోది లింఫోమా. ఇది బయటి నుంచి కొట్టుకొచ్చేది కాదు, బిళ్ళలోనే పుట్టే క్యాన్సర్. గుండ్రంగా, నల్లగా, హైలం లేకుండా ఉంటుంది గానీ మధ్యలో కుళ్ళు సాధారణంగా ఉండదు, రక్తం కూడా బాగానే పారుతుంది, కొన్నిసార్లు హైలం కూడా మిగిలే ఉంటుంది. దీంట్లో నేను చూసే పెద్ద తప్పు స్కాన్‌లో జరగదు, స్కాన్‌కి ముందే జరిగిపోయి ఉంటుంది. వాపు అని చెప్తే ఎవరో స్టెరాయిడ్ మాత్రలు రాస్తారు, వారంలో బిళ్ళ కరిగిపోతుంది, అందరూ సంతోషిస్తారు, రెండు నెలలకి మళ్ళీ వస్తుంది, ఆ మధ్యలో బయాప్సీ చేసినా కణాలు చెదిరిపోయి రిపోర్ట్ తేలదు. బిళ్ళ ఏంటో తేలకముందు స్టెరాయిడ్ రాస్తే "ఇది స్టెరాయిడా, బయాప్సీ అయ్యాక వేసుకోవచ్చా" అని అడగడం మీ హక్కు.

థైరాయిడ్ క్యాన్సర్ బిళ్ళల గురించి కూడా ఒక్క మాట, అవి చిన్నవిగా ఉన్నా లోపల నీళ్ళ సంచిలాగానో, ఇసుక రేణువుల్లాంటి తెల్ల చుక్కలతోనో ఉంటాయి. మెడ మధ్యలో గానీ కింద గానీ అట్లాంటిది రాసుంటే సైజు చూడకుండా థైరాయిడ్ స్కాన్ కూడా చేయించండి.

ఆరో పని: ఆగాలా, సూది గుచ్చాలా

కోలగా ఉంది, హైలం ఉంది, అంచు సమానంగా ఉంది, ఈమధ్యే జ్వరమో గొంతు నొప్పో పంటి నొప్పో వచ్చింది, అట్లాంటప్పుడు నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి మళ్ళీ చూపించుకుంటే చాలు. పిల్లలకైతే ఇది మరీ నిజం. చంద్రగిరి నుంచి ఒకామె ఎనిమిదేళ్ళ పాపని తెచ్చింది, రెండు పక్కలా 24 × 9 బిళ్ళలు, హైలం బారుగా ఉంది, పాప తలలో పేలు గోకి గోకి పుండ్లు పడి ఉన్నాయి. ఆరు వారాల తర్వాత వస్తే అడ్డం 9 నుంచి 6కి దిగింది, చేతికి మాత్రం ఇంకా తగులుతానే ఉంది. పిల్లల్లో బిళ్ళ పూర్తిగా కరగడానికి నెలలు పడుతుంది, రోజూ వేలితో నొక్కి చూస్తే అది ఇంకా వాస్తుంది, ఆ పని మానేయమని ఆ తల్లికి గట్టిగానే చెప్పినా.

పెద్దవాళ్ళ లెక్క వేరు. ఇన్ఫెక్షన్ ఏదీ లేకుండా రెండు వారాలు దాటి ఉండిపోయిన గడ్డ, గట్టిగా కదలకుండా ఉన్న గడ్డ, చేతికి ఒకటిన్నర సెంటీమీటర్ కంటే పెద్దగా తగిలే గడ్డ, వీటిల్లో ఏ ఒక్కటున్నా యాంటీబయాటిక్ కోర్సు మీద కోర్సు వేసుకుంటా కూర్చోకుండా ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించాలి. నోరు, గొంతు, నాలుక అడుగు ఆయన చూడాలి, మా స్కాన్‌కి దొరకని చిన్న పుండు ఆయన టార్చ్‌కి దొరుకుతుంది.

స్కాన్ అనుమానం వరకే చెప్తుంది, తేల్చేది సూదే. ఎఫ్‌ఎన్‌ఏసీ అంటే సన్న సూదితో కణాలు లాగడం, అల్ట్రాసౌండ్ చూస్తా చేస్తే కుళ్ళిన మధ్య భాగం వదిలేసి బతికున్న అంచులోంచి తీయొచ్చు, మధ్యలో గుచ్చితే ఉత్త నీళ్ళే వస్తాయి, "కణాలు లేవు" అని రిపోర్ట్ వస్తుంది, దాన్ని క్యాన్సర్ లేదని చదువుకునేవాళ్ళు ఉన్నారు. స్కాన్ చెడ్డగా ఉండి సూది మంచిగా వస్తే నేను సూదిని నమ్మను, మళ్ళీ గుచ్చమంటా. లింఫోమా అనుమానం ఉంటే సన్న సూది చాలదు, లావు సూదితో ముక్క తీయాలి, లేదా బిళ్ళ మొత్తం తీసి పరీక్షకి పంపాలి. సూది గుచ్చితే క్యాన్సర్ పాకిపోతుందని మన ఊర్లలో గట్టి నమ్మకం ఉంది, మెడ బిళ్ళకి సన్న సూదితో అట్లా పాకడం అనేది ఎంత అరుదంటే ఆ భయంతో పరీక్ష మానుకోవడానికి ఏ కారణమూ లేదు, ఆలస్యం చేసిన నెలల్లో మాత్రం నిజంగానే పాకుతుంది.

ఎక్కడికి పోవాలని అడిగితే, తిరుపతిలో రుయా, స్విమ్స్ ఉన్నాయి, అలిపిరి దగ్గర క్యాన్సర్ ఆస్పత్రి ఉంది, చిత్తూరు వైపు వాళ్ళు దగ్గరని వేలూరు సీఎంసీకి పోతారు. ఎక్కడికి పోయినా కాగితం ఒక్కటే కాకుండా సీడీ, ఫిల్ములు, పాత స్కాన్లు అన్నీ పట్టుకుపోండి, నంబర్ మైనస్‌లో ఉందా ప్లస్‌లో ఉందా అన్నది కాగితం మీద ఉండదు, సీడీలోనే ఉంటుంది.

పుత్తూరు ఆయనకి బిళ్ళ అంచులోంచి సూదితో తీసిన కణాలు, నోటి పుండు ముక్క రెండూ ఒకటే చెప్పినాయి, స్క్వామస్ సెల్ కార్సినోమా, అంటే నోటి లోపలి పొరలో పుట్టిన క్యాన్సర్. ఛాతీ సీటీలో ఏమీ లేదు. ఆపరేషన్లో చిగురు దగ్గర పుండుతో పాటు ఎడమ మెడలో బిళ్ళలు తీసేసినారు. పాథాలజీ రిపోర్ట్ నాకు తెచ్చి చూపించింది ఆ అమ్మాయి, తీసినవాటిల్లో క్యాన్సర్ ఉన్నది ఒక్కదాంట్లోనే, ఆ తొమ్మిది మిల్లీమీటర్ల దాంట్లో. ఆమె పెన్నుతో గీత గీసిన 19 మిల్లీమీటర్ల బిళ్ళ కుడి పక్కన ఇప్పటికీ అట్లనే ఉంది, మూడు నెలలకొకసారి స్కాన్‌కి వచ్చినప్పుడు కొలుస్తా ఉన్నా, అడ్డం ఏడు దాటలేదు, మధ్యలో తెల్ల గీత బారుగా ఉంది.